లీజుకు తీసుకోవాలా, కొనాలా: పన్ను పోను లెక్కతో తేల్చుకునే పద్ధతి

లీజు కొటేషన్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని అద్దెను ఏళ్లతో గుణించడం. ఏడాదికి 2,50,000 చొప్పున 5 ఏళ్లు, మొత్తం 12,50,000. యంత్రం ధరేమో 10,00,000. "రెండున్నర లక్షలు ఎక్కువ గుంజుతున్నారు, కొనేద్దాం" అంటారు ఒకరు. "ఉన్న డబ్బంతా ఒకేసారి పోసేయక్కర్లేదు కదా, లీజే నయం" అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ ఇద్దరూ లెక్క వెయ్యలేదు. మొదటాయన ఐదేళ్ల తర్వాత ఇచ్చే డబ్బునీ ఈ రోజు ఇచ్చే డబ్బునీ ఒకే గాటన కట్టేశాడు. రెండో ఆయన లీజు కూడా ఒక అప్పేనని మరిచిపోయాడు.

ఈ రెండో విషయం మీదే లెక్కంతా నిలబడి ఉంటుంది. లీజు మీద సంతకం చేస్తే ఏటా ఇంత కడతానని మాట ఇచ్చినట్టే. వ్యాపారం బాగున్నా, బాగాలేకపోయినా కట్టాలి. బ్యాంకు వాయిదాకూ దీనికీ పేరులోనే తేడా. అందుకే లీజుకు అసలు పోటీ మీ జేబులోని డబ్బు కాదు, బ్యాంకు ఇచ్చే అప్పు. ఈ రెండు అప్పుల్లో పన్ను పోను ఏది చవక? కింద చేసేదంతా ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఒక హెచ్చరిక. ఈ యంత్రం మనకు అసలు అవసరమా, దానితో లాభం వస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ముందే తేల్చుకుని రావాలి. ఇక్కడ అడిగేది దాన్ని ఏ దారిలో తెచ్చుకోవాలన్నది మాత్రమే. రెండు దారుల్లోనూ అదే యంత్రం, అదే పని, అదే అమ్మకాలు కాబట్టి ఆదాయాన్ని లెక్కలోకి తేనక్కర్లేదు. ఖర్చులు పోల్చితే చాలు.

## ముందు అంకెలు రాసుకోవాలి

ఒక కేసు తీసుకుని చివరిదాకా దానితోనే వెళ్దాం. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే కాబట్టి ఉత్త అంకెలే రాస్తున్నాను.

యంత్రం ధర 10,00,000. వాడేది 5 ఏళ్లు. తరుగుదల ఏటా సమానంగా 2,00,000, అంటే ఐదేళ్లలో పుస్తకాల్లో విలువ సున్నా అవుతుంది. ఐదో ఏడాది చివర పాత యంత్రాన్ని అమ్మితే 1,50,000 వస్తుందని అంచనా. కొంటే ఏటా 30,000 మెయింటెనెన్స్ మనదే. లీజు అయితే దాన్ని లీజు కంపెనీ చూసుకుంటుంది. లీజు అద్దె ఏటా 2,50,000, అది ప్రతి ఏడాది మొదట్లోనే కట్టాలి. ఆదాయపు పన్ను 30 శాతం. ఇదే యంత్రానికి బ్యాంకు 10 శాతం వడ్డీకి అప్పు ఇస్తుంది.

వీటిలో సగం అంకెలు కొటేషన్లలోనే దొరుకుతాయి. పన్ను రేటు, తరుగుదల పద్ధతి మీ ఆడిటర్ చెబుతారు. ఊహించి రాయాల్సింది ఒక్కటే, చివర్లో వచ్చే అమ్మకపు ధర. దాని సంగతి తర్వాత విడిగా చూద్దాం.

ఆడిటర్‌ని ఇంకో మాట కూడా అడగాలి. ఈ లీజులో కట్టే అద్దె మొత్తాన్ని పన్ను చట్టం ఖర్చుగా ఒప్పుకుంటుందా? చివర్లో నామమాత్రపు ధరకే యంత్రం మీ సొంతమయ్యే ఒప్పందాలను చాలా దేశాల్లో లీజుగా చూడరు, వాయిదాల మీద కొన్నట్టే లెక్కేస్తారు. అప్పుడు అద్దె ఖర్చు కాదు, తరుగుదలా వడ్డీ మీకు ఖర్చవుతాయి. అలాంటిదైతే కింది లెక్కలో లీజు భాగం వేరేగా వెయ్యాలి. మన కేసులో ఐదేళ్లయ్యాక యంత్రం లీజు కంపెనీకి తిరిగి వెళ్లిపోతుంది, అద్దె మొత్తం ఖర్చుగా చెల్లుతుంది.

## ఏ రేటుతో నేటి విలువ కట్టాలి

బ్యాంకు వడ్డీ 10 శాతం. కానీ వడ్డీ ఖర్చు కిందికి వస్తుంది కాబట్టి లాభం అంతమేర తగ్గి పన్ను కూడా తగ్గుతుంది. 100 వడ్డీ కడితే పన్నులో 30 మిగులుతుంది. జేబులోంచి నిజంగా పోయేది 70. కాబట్టి పన్ను పోను అప్పు ఖర్చు ఇలా వస్తుంది:

```
10% × (1 − 0.30) = 7%
```

ఈ 7 శాతంతోనే రాబోయే ఏళ్ల డబ్బును ఈ రోజు విలువలోకి మార్చాలి. ఏడాది తర్వాత వచ్చే 100 ఈ రోజు 93.46తో సమానం, రెండేళ్ల తర్వాతిది 87.34, ఆపై 81.63, 76.29, 71.30. ఒక్క రూపాయికి చెప్పుకుంటే 0.9346, 0.8734 లాంటి ఈ అంకెలే ఆయా ఏళ్ల గుణకాలు. ఏటా ఒకే మొత్తం వచ్చేటప్పుడు విడివిడిగా వెయ్యక్కర్లేదు. మొదటి ఐదేళ్ల గుణకాలు కలిపితే 4.1002, మొదటి నాలుగేళ్లవి కలిపితే 3.3872. ఈ రెండు అంకెలతోనే పని జరిగిపోతుంది.

కంపెనీ మొత్తానికి వాడే పెట్టుబడి ఖర్చు రేటు, అంటే వాటాదారుల రాబడినీ అప్పునీ కలిపి తీసే 12 శాతమో 14 శాతమో, ఇక్కడ పనికిరాదు. అది వ్యాపారంలోని రిస్కుకు పెట్టిన రేటు. లీజు అద్దెలో ఆ రిస్కు లేదు, అది అప్పులాగే కచ్చితంగా కట్టాల్సిన డబ్బు. తప్పు రేటు పెడితే ఏమవుతుందో కాసేపట్లో అంకెల్లోనే చూస్తారు.

## కొంటే ఎంత పడుతుంది

ఈ రోజు చేతి నుంచి పోయేది 10,00,000.

తరుగుదల కాగితం మీది ఖర్చు, డబ్బేమీ బయటికి పోదు. అది మనకిచ్చేది పన్ను ఆదా మాత్రమే. ఏటా 2,00,000 మీద 30 శాతం, అంటే 60,000. ఐదేళ్ల ఆదాకు నేటి విలువ 60,000 × 4.1002 = 2,46,012. ఇది ఖర్చులోంచి తీసెయ్యాలి.

మెయింటెనెన్స్ 30,000లో పన్ను ఆదా పోగా 21,000. దాని నేటి విలువ 86,104. ఇది ఖర్చుకు కలపాలి.

చివర్లో అమ్మితే 1,50,000. అప్పటికి పుస్తకాల్లో విలువ సున్నా కాబట్టి వచ్చిందంతా లాభమే, దాని మీద పన్ను 45,000. మిగిలేది 1,05,000. నేటి విలువ 1,05,000 × 0.7130 = 74,865. ఇది ఖర్చులోంచి తీసెయ్యాలి.

```
10,00,000 − 2,46,012 + 86,104 − 74,865 = 7,65,227
```

పది లక్షల యంత్రం పన్ను పోను ఐదేళ్ల వాడకానికి మనకు పడేది ఈ రోజు లెక్కలో 7,65,227.

ఇక్కడ అప్పు వాయిదాలు ఎక్కడా రాలేదని గమనించారా? కావాలనే రాయలేదు. "అప్పు చేసి కొంటున్నాం కదా, ఈఎంఐలు వెయ్యొద్దా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పది లక్షల అప్పు మీద పన్ను పోను కట్టే వాయిదాలన్నిటినీ 7 శాతంతో నేటి విలువకు తెస్తే సరిగ్గా పది లక్షలే వస్తుంది. కాబట్టి ధర రాసినా, ఈఎంఐలు రాసినా ఒకటే. ధర రాసి, దానికి తోడు వడ్డీ కూడా రాస్తే మాత్రం అదే ఖర్చు రెండుసార్లు పడుతుంది. కొనుగోలు పక్కన అంకె అనుమానం వచ్చేంత పెద్దగా కనిపిస్తే ముందు ఇదే వెతకండి.

ఇంకో మాట. పన్ను చట్టం మొదటి ఏళ్లలో ఎక్కువ తరుగుదల ఇస్తే పన్ను ఆదా కూడా ముందే చేతికొస్తుంది, కొనుగోలు ఇంకాస్త చవకవుతుంది. అప్పుడు 4.1002తో ఒకేసారి గుణించకూడదు, ఏ ఏడాది ఆదాను ఆ ఏడాది గుణకంతో వెయ్యాలి.

## లీజుకు తీసుకుంటే ఎంత పడుతుంది

అద్దె ఏడాది మొదట్లో కట్టాలి కాబట్టి మొదటి 2,50,000 ఈ రోజే పోతుంది. మిగతా నాలుగు 1, 2, 3, 4 ఏళ్ల చివర్లలో పోతాయి (రెండో ఏడాది మొదలంటే మొదటి ఏడాది చివరే కదా). నేటి విలువ 2,50,000 × (1 + 3.3872) = 10,96,800.

పన్ను ఆదా ఏటా 75,000. అది చేతికొచ్చేది మాత్రం ఏడాది చివర, పన్ను కట్టేటప్పుడు. అంటే 1 నుంచి 5 ఏళ్ల చివర్లలో. నేటి విలువ 75,000 × 4.1002 = 3,07,515.

```
10,96,800 − 3,07,515 = 7,89,285
```

లీజు 7,89,285, కొనుగోలు 7,65,227. కొనడమే 24,058 మేర చవక.

అద్దె ఇచ్చే రోజూ, దాని మీద పన్ను ఆదా వచ్చే రోజూ ఒకటి కాదన్నది చూడ్డానికి చిన్న సంగతి. చాలా షీట్లలో "పన్ను పోను అద్దె 1,75,000" అని రాసేసి దాన్నే ఏడాది మొదట్లో పెట్టేస్తారు. అలా వేస్తే 1,75,000 × 4.3872 = 7,67,760 వస్తుంది. 24 వేల తేడా కాస్తా రెండున్నర వేలకు దిగిపోతుంది. "రెండూ ఇంచుమించు ఒకటేలే" అనుకుని లీజు మీద సంతకం పెట్టేస్తారు. మీ పన్ను ఏడాది మధ్యలో ముందస్తు వాయిదాలుగా పోతుంటే నిజం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అంత నిక్కచ్చిగా కావాలంటే ఏళ్ల బదులు మూడు నెలల లెక్కన షీట్ వేసుకోవచ్చు. నేనైతే తేడా బాగా తక్కువగా తేలినప్పుడే ఆ శ్రమ పడతాను.

## రెండింటినీ ఒకే వరుసలో పెట్టి చూడటం

ఇంతవరకు వేసింది సరైన లెక్కే, కానీ లీజు ఒక అప్పు అన్న మాట అందులో కళ్లకు కట్టదు. దానికి కొనుగోలునూ లీజునూ కలిపి ఒకే వరుస చెయ్యాలి. కొనకుండా లీజుకు వెళ్తే ప్రతి ఏడాదీ చేతిలో ఎంత మారుతుంది?

ఈ రోజు: 10,00,000 పెట్టక్కర్లేదు, 2,50,000 అద్దె కట్టాలి. కాబట్టి 7,50,000 చేతిలో మిగులుతుంది.

1 నుంచి 4 ఏళ్ల చివర: అద్దె 2,50,000 పోతుంది, అద్దె మీద పన్ను ఆదా 75,000 వస్తుంది. సొంతదారు కాదు కాబట్టి తరుగుదల ఇచ్చే 60,000 ఆదా పోతుంది. మెయింటెనెన్స్ 21,000 మిగులుతుంది. అన్నీ కలిపితే ఏటా 2,14,000 బయటికి.

5వ ఏడాది చివర: అద్దె లేదు. 75,000 వస్తుంది, 60,000 పోతుంది, 21,000 మిగులుతుంది, అమ్మితే రావాల్సిన 1,05,000 రాదు. నికరంగా 69,000 బయటికి.

ఇప్పుడీ వరుసను చూడండి. ఈ రోజు 7,50,000 చేతికొచ్చింది, ఆ తర్వాత నాలుగేళ్లు 2,14,000 చొప్పున, ఐదో ఏడు 69,000 కడుతున్నారు. అప్పుకు ఇంతకంటే వేరే రూపం ఏముంటుంది? ఈ అప్పు వడ్డీ రేటెంతో ఎక్సెల్ చెప్పేస్తుంది. వచ్చే డబ్బును ప్లస్‌గా, పోయే డబ్బును మైనస్‌గా వరుసను B5 నుంచి G5 వరకు రాసుకుని, నేటి విలువ కట్టే NPV, వడ్డీ రేటు తీసే IRR వాడాలి:

```
=B5+NPV(7%,C5:G5)
=IRR(B5:G5)
```

మొదటిది −24,059 చూపిస్తుంది, గుణకాలను నాలుగు దశాంశాలకు కుదించడం వల్ల వచ్చిన ఒక్కటి తప్ప పైన వచ్చిన తేడాయే. రెండోది దాదాపు 8.3 శాతం చూపిస్తుంది. అదే లీజు వడ్డీ, అదీ పన్ను పోను. బ్యాంకు పన్ను పోను 7 శాతానికి ఇస్తుంటే లీజు కంపెనీ 8.3 తీసుకుంటోంది. పన్నుకు ముందు రేటుగా చెప్పాలంటే 8.3ని 0.70తో భాగిస్తే దాదాపు 11.9 శాతం. యజమానికి 24,058 అని చెబితే భుజాలెగరేస్తారు. "బ్యాంకు 10కి ఇచ్చే అప్పును మనం 12కి తెచ్చుకుంటున్నాం" అంటే వెంటనే తలెత్తి చూస్తారు.

ఎక్సెల్లో NPV వాడేటప్పుడు చాలామంది పడే గొయ్యి ఒకటుంది. దానికి ఇచ్చిన మొదటి అంకెను అది ఏడాది తర్వాతి డబ్బుగా తీసుకుంటుంది, ఈ రోజుదిగా కాదు. అందుకే పైన B5ని బయట పెట్టి విడిగా కలిపాను. `=NPV(7%,B5:G5)` అని మొత్తం లోపల పెట్టేస్తే ప్రతి అంకె ఒక ఏడాది ఆలస్యంగా పడుతుంది. నేను మొదట్లో ఈ తప్పే చేశాను. గుర్తు మారదు కాబట్టి నిర్ణయం సరిగ్గానే వచ్చింది, తేడా అంకె మాత్రం 1.07తో భాగించినంత చిన్నదైపోయి చేతి లెక్కతో కలవక ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

## 7 శాతమే ఎందుకో అంకెల్లో

ఏ రేటు పెట్టాలన్న దగ్గరే ఎక్కువ వాదన జరుగుతుంది. మాటలతో తేలదు కాబట్టి ఇలా చేసి చూద్దాం. లీజు తర్వాత కట్టాల్సినవి పైన తేలాయి: నాలుగేళ్లు 2,14,000, ఐదో ఏడు 69,000. సరిగ్గా ఇవే వాయిదాలు బ్యాంకుకు కడతానంటే 10 శాతం వడ్డీకి బ్యాంకు ఈ రోజు ఎంత ఇస్తుంది? 7 శాతం లెక్క ప్రకారం 7,74,058. అది నిజంగా తీరిపోతుందేమో ఏడాదేడాదీ చూద్దాం. పన్ను పోను వడ్డీ అంటే 10 శాతం వడ్డీలోంచి 30 శాతం పన్ను ఆదా తీసేసినది.

| ఏడాది | మొదట్లో బాకీ | పన్ను పోను వడ్డీ | జేబులోంచి కట్టింది | చివర బాకీ |
|---|---|---|---|---|
| 1 | 7,74,058 | 54,184 | 2,14,000 | 6,14,242 |
| 2 | 6,14,242 | 42,997 | 2,14,000 | 4,43,239 |
| 3 | 4,43,239 | 31,027 | 2,14,000 | 2,60,266 |
| 4 | 2,60,266 | 18,219 | 2,14,000 | 64,485 |
| 5 | 64,485 | 4,514 | 69,000 | 0 |

చివర్లో ఒకటీ అరా తేడా పైసల సవరణ వల్లే. అప్పు తీరిపోయింది. అంటే ముందుముందు అంతే డబ్బు కడతానంటే బ్యాంకు ఈ రోజు 7,74,058 ఇస్తుంది, లీజు 7,50,000 మాత్రమే ఇస్తుంది. ఆ తేడాయే 24,058. అదే భారాన్ని మోస్తూ బ్యాంకు దారిలో అంత డబ్బు ఈ రోజే చేతిలో మిగులుతుంటే లీజు చవక అనడానికి వీల్లేదు. పన్ను ఆదాను పక్కన పెట్టి 10 శాతంతో ఈ పట్టిక వేస్తే బాకీ తీరదు, ఎందుకంటే ఏటా పన్నులో మిగిలే డబ్బు మీ జేబులోకి వస్తున్నా అది లెక్కలో కనిపించదు.

ఇక తప్పు రేటుతో ఏమవుతుందో చూడండి. పన్ను సంగతి మరిచి 10 శాతం పెడితే కొనుగోలు 7,86,964, లీజు 7,58,165 వస్తాయి. లీజే దాదాపు 28,800 చవకని తేలుతుంది! కంపెనీ పెట్టుబడి ఖర్చు అంటూ 12 శాతం పెడితే లీజు ఏకంగా దాదాపు 61,000 చవకగా కనిపిస్తుంది. అంకెలన్నీ అవే, ఒక్క రేటు మారింది, తీర్పు తలకిందులైంది. రేటు పెరిగేకొద్దీ రేపు కట్టే డబ్బు చిన్నదిగా కనిపిస్తుంది, లీజులో డబ్బులో ఎక్కువ భాగం రేపే కడతాం కాబట్టి ఎక్కువ రేటు ఎప్పుడూ లీజు వైపే మొగ్గుతుంది. లీజు అమ్మడానికొచ్చిన వాళ్లు తెచ్చే పోలిక పట్టికలో ముందు చూడాల్సింది ఏ రేటు వాడారన్నదే.

## అమ్మకపు ధర మీద ఎంత నమ్మకం

అద్దె, తరుగుదల, పన్ను దాదాపు కచ్చితమైనవి. ఐదేళ్ల తర్వాత పాత యంత్రం ఎంతకు పోతుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అందుకే ఆ ఒక్క అంకెకు 7 శాతం చాలదు, ఎక్కువ రేటు పెట్టాలని చాలామంది అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. దానికి మాత్రం 12 శాతం పెడితే 1,05,000 నేటి విలువ 74,865 నుంచి 59,577కి దిగుతుంది. కొనుగోలుకున్న 24,058 ఆధిక్యం 8,770కి తగ్గుతుంది. ఇంకా కొనుగోలే ముందుంది, కానీ సన్నగా.

నాకు దీనికంటే ఉపయోగపడేది లెక్కను తిరగేసి అడగడం: అమ్మకపు ధర ఎంతకు పడిపోతే లీజుతో సమానమవుతుంది? 24,058ని ఐదో ఏటి గుణకం 0.7130తో భాగిస్తే 33,742. అది పన్ను పోయాక ఉన్న అంకె, పన్నుకు ముందు 48,200. అంటే 1,50,000 బదులు దాదాపు 1,01,800 వచ్చినా కొన్నందుకు నష్టం లేదు. అంతకంటే తక్కువకు పోతే లీజే మేలయ్యేది. ఇప్పుడు పాత యంత్రాలు కొనే డీలర్‌ను "ఐదేళ్లు వాడినది ఎంతకు తీసుకుంటారు?" అని కాకుండా "లక్షకు పైన పోతుందా, పోదా?" అని అడగొచ్చు. ఈ ప్రశ్నకు వాళ్లు తడుముకోకుండా జవాబు చెబుతారు. రెండు మూడేళ్లకే కొత్త మోడల్ వచ్చి పాతది మూలన పడే రకం యంత్రమైతే లక్ష రాదన్న జవాబే రావచ్చు. అప్పుడు ఆ రిస్కును లీజు కంపెనీ నెత్తిన వదిలేయడం తెలివైన పనే.

## బేరానికి కూర్చునే ముందు

ఏ అద్దె దగ్గర రెండూ సమానమవుతాయో తీసి పెట్టుకోండి. ఒక్కో యూనిట్ అద్దెకు పడే నికర ఖర్చు 4.3872 − 0.30 × 4.1002 = 3.15714. కొనుగోలు ఖర్చు 7,65,227ను దీనితో భాగిస్తే 2,42,380. కొటేషన్ 2,50,000. ఏడాదికి 7,600 పైచిలుకు తగ్గిస్తే లీజు, లేకపోతే లేదు. బేరంలో పట్టుకోవాల్సిన అంకె ఇదొక్కటే.

మరి లీజు కంపెనీ ఎందుకు దిగుతుంది? దానికి కూడా 30 శాతం పన్ను, 10 శాతం అప్పు, అదే మెయింటెనెన్స్ ఖర్చు, అదే అమ్మకపు ధర ఉంటే మనకు సమానమయ్యే 2,42,380 దగ్గరే దానికీ సమానమవుతుంది. దానికి లాభమంటే మనకు నష్టమే. లీజు ఇద్దరికీ లాభం కావాలంటే ఎక్కడో తేడా ఉండాలి. లీజు కంపెనీకి అప్పు మనకంటే చవకగా దొరకొచ్చు. వందల యంత్రాలు చూసుకుంటుంది కాబట్టి మెయింటెనెన్స్ దానికి 30,000 పడకపోవచ్చు. పాతవి అమ్మే మార్కెట్ దాని చేతిలో ఉండొచ్చు.

మరొకటి పన్ను. మీ కంపెనీ నష్టాల్లో ఉండి వచ్చే ఐదేళ్లూ పన్ను కట్టేది లేదనుకోండి. తరుగుదల మీకు ఏ ఆదా ఇవ్వదు, వడ్డీ కూడా ఇవ్వదు, రేటు పూర్తి 10 శాతం. అప్పుడు కొనుగోలు ఖర్చు 10,20,589, సమానమయ్యే అద్దె దాదాపు 2,44,750 అవుతుంది. పన్ను కట్టే లీజు కంపెనీకి 2,42,380 దాటితే లాభం, మీకు 2,44,750 లోపైతే లాభం. ఇద్దరూ ఒప్పుకోగల సందు దొరికింది, కాకపోతే సన్నది. తరుగుదల మొదటి ఏళ్లలోనే ఎక్కువగా ఇచ్చే చట్టాల్లో ఈ సందు ఇంకా వెడల్పవుతుంది. అందుకే లాభాల్లేని కంపెనీ పక్కవాళ్ల షీట్ తెచ్చుకుని 30 శాతం పన్ను, 7 శాతం రేటు అలాగే ఉంచేస్తే లెక్క దారి తప్పుతుంది.

"లీజైతే అప్పు పరిమితి అలాగే మిగులుతుంది" అన్న మాట మాత్రం నమ్మకండి. 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 ప్రకారం, ఏడాది లోపు గడువున్నవీ బాగా చిన్న విలువవీ తప్ప మిగతా లీజులు తీసుకున్నవారి బ్యాలెన్స్ షీట్లో బాకీగా కనిపించాలి. ఆ ప్రమాణం వర్తించని చోట కూడా తెలివైన బ్యాంకర్ మీ లీజు వాయిదాలను లెక్కలో వేసుకునే అప్పిస్తాడు. బ్యాంకు మీకు ఏ వడ్డీకీ అప్పు ఇవ్వనంటే మాత్రం ఈ పోలికే చెల్లదు. ఇవ్వని అప్పు 10 శాతమని రాసుకోవడంలో అర్థం లేదు.

ఇక ఒప్పందం చదివేటప్పుడు అద్దె పేరు లేకుండా వచ్చే డబ్బును వెతకండి. తిరిగిచ్చే డిపాజిట్ అంటే ఖర్చు కాదనుకుంటారు. ఐదేళ్ల తర్వాత వడ్డీ లేకుండా తిరిగొచ్చే 50,000 డిపాజిట్ ఈ రోజు లెక్కలో 50,000 × (1 − 0.7130) = 14,350 ఖర్చు. అద్దెను 2,42,000కి దించి, ఆఖరి నిమిషంలో డిపాజిట్ చేర్చారంటే బేరంలో ఇచ్చినదాంట్లో సగానికి పైగా వెనక్కి తీసుకున్నట్టే, మళ్లీ కొనుగోలే చవకవుతుంది. ఇన్ని గంటల కంటే ఎక్కువ నడిపితే అదనం, తిరిగిచ్చేటప్పుడు యంత్రం ఫలానా స్థితిలో ఉండాలి, రవాణా మీదే, మధ్యలో మానేస్తే మిగతా అద్దెలన్నీ కట్టాలి లాంటి షరతులు కూడా అంతే. వాటిలో అంకెగా మార్చగలిగిన ప్రతిదాన్నీ అది కట్టాల్సిన ఏడాది గడిలో పెట్టి, పన్ను తీసేసి, `IRR` మళ్లీ చూడండి.